మూసిపెట్టిన షెడ్డులో 4 బ్యాటరీలు: డిస్‌ప్లేలో ఫుల్, రాత్రి 10 కల్లా చీకటి

అల్లూరు_రొయ్యలు
అల్లూరు దగ్గర చెరువుల గట్టు మీద మాకొక కాపలా షెడ్డు ఉంది. అందులో సోలార్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు సీరీస్‌లో. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు వేరే లైను, జనరేటరు ఉన్నాయి. బ్యాటరీల మీద నడిచేవి నాలుగు కెమెరాలు, లైట్లు, కాపలా మనిషి ఫ్యాను మాత్రమే. కొని 14 నెలలు. నిరుడు తెల్లవార్లూ నడిచేవి.

నవంబరు రెండో వారంలో పంట తీసేసి షెడ్డు మూశాం. వానలు, పిడుగుల భయంతో ప్యానెళ్ల బ్రేకర్ దించేశాను, ఇన్వర్టర్ ముందున్న స్విచ్ ఆపేశాను. మార్చి రెండో వారంలో తెరిచి మళ్లీ వేస్తే అరగంటలో 57 వోల్టులు, ఫుల్ అని పచ్చ లైటు. సంతోషించాను. ఆ రాత్రి 10 గంటలకే అంతా ఆగిపోయింది. మర్నాడూ అంతే.

కొన్న షాపుకు ఫోను చేస్తే "వాడకపోవడం వల్ల పాడైంది, వారంటీ రాదు" అన్నారు. వాడితే పాడవుతుంది గానీ, వాడకపోతే పాడవడమేమిటి? అమ్మేటప్పుడే నాసిరకం అంటగట్టారని నా అనుమానం.

పొగాకు_బ్యారన్
అనుమానమెందుకు, నిజమే. ఈ రోజుల్లో ప్లేట్లలో సీసమే ఉండడం లేదు. మా నాన్న ట్రాక్టరు బ్యాటరీ తొమ్మిదేళ్లు వచ్చింది.

కావలి_కరెంటు
సల్ఫేషన్. నాలుగు నెలలు ఖాళీగా ఉంచారు కదా, ప్లేట్లకు సల్ఫేట్ పట్టేసింది. కరెంటును చిన్న చిన్న పోట్లుగా పంపే పల్స్ పరికరం ఒకటి తగిలించండి, వారంలో కరిగిపోతుంది. ఒక్కో బ్యాటరీ వోల్టేజీ కూడా చెప్పండి. ఫుల్ బ్యాటరీ అంటే 12.7 ఉండాలి.

జిరాక్స్_అక్క
నాదీ ఇదే బాధ. ఒంగోలులో షాపు. యూపీఎస్ మూడేళ్లుగా ఉంది, కరెంటు పోవడమే లేదు కాబట్టి అసలు వాడలేదు. మొన్న ఒక్కసారి పోతే రెండు నిమిషాలకే కుయ్యిమంది. నేను ప్లగ్ తీయలేదే, మరి నాకెందుకు?

ఎక్స్ఛేంజి_పాతకాపు
అల్లూరు గారూ, ఎవరి మాటా వినకుండా ముందు యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ఒకటి కొనండి. వందల్లోనే దొరుకుతుంది. సాయంత్రం డిస్‌ప్లే ఫుల్ అని చూపిస్తున్నప్పుడు ప్రతి సెల్ గ్రావిటీ, అంటే ఆ చిక్కదనం, తీసి రాయండి, మొత్తం 24 సెల్‌లు. షెడ్డు తెరిచిన రోజున ఛార్జింగ్ పెట్టకముందు వోల్టేజీ చూశారా?

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీ గదులు చూసుకుంటూ రిటైరయ్యాను. అక్కడా 48 వోల్టులే. రెండేసి వోల్టుల సెల్‌లు 24, ఒక్కొక్కటి మనిషి నడుం ఎత్తు. గ్రావిటీ పుస్తకంలో రాయకుండా టీకి కూడా వెళ్లనిచ్చేవారు కాదు.

కావలి గారికి ఒక మాట. 12.7 అనేది 1.280 యాసిడ్ పోసే కారు బ్యాటరీల లెక్క. మన ఇన్వర్టర్ ట్యూబులర్లలో నిండు ఛార్జికి గ్రావిటీ 1.240 దగ్గర ఉంటుంది. గ్రావిటీకి 0.84 కలిపితే సుమారుగా ఒక సెల్ వోల్టేజీ వస్తుంది. అంటే 2.08, ఆరు సెల్‌లకు 12.5. పట్టిక చూసి 12.7 రాలేదని మంచి బ్యాటరీని పారేసినవాళ్లను చూశాను.

కావలి_కరెంటు
12.5 సంగతి ఒప్పుకుంటాను. పల్స్ సంగతి మాత్రం వదలను. నేను చేసి చూశాను.

అల్లూరు_రొయ్యలు
తెరిచిన రోజు ఛార్జికి ముందు చూశాను, చీటీ మీద రాసి పెట్టుకున్నాను: 11.8, 11.7, 11.7, 10.9.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి, డిస్‌ప్లే ఫుల్ అంటుండగా గ్రావిటీ తీశాను. మొదటి మూడు బ్యాటరీల్లో అన్ని సెల్‌లూ 1.145, 1.150 మధ్యనే. నాలుగోదాంట్లో 1.100 చుట్టూ ఉన్నాయి, ఒక సెల్ మాత్రం 1.060. చొక్కాకు రెండు చిల్లులు పడ్డాయి. ఇంట్లో దాని గురించి వేరే చర్చా వేదిక నడుస్తోంది.

ఎక్స్ఛేంజి_పాతకాపు
ఇక షాపువాడిని తిట్టడం కాసేపు ఆపండి. జబ్బు దొరికింది.

బ్యాటరీ కరెంటు ఇచ్చేటప్పుడు యాసిడ్‌లోని సల్ఫేటు వెళ్లి రెండు రకాల ప్లేట్లకూ పట్టుకుంటుంది. అందుకే వాడేకొద్దీ యాసిడ్ పలచబడి గ్రావిటీ దిగుతుంది. ఛార్జి చేస్తే ఆ సల్ఫేటు కరిగి మళ్లీ యాసిడ్‌లోకి వస్తుంది, గ్రావిటీ ఎక్కుతుంది. ఇది రోజూ జరిగేదే. సల్ఫేట్ పట్టడమే జబ్బు అయితే బ్యాటరీ అనేదే ఉండదు.

జబ్బల్లా, పట్టినదాన్ని అలాగే వదిలేయడం. కొత్తగా పట్టిన సల్ఫేటు సన్నటి పొడిలా ఉంటుంది, ఛార్జి పెట్టగానే కరుగుతుంది. వారాల తరబడి కదలకుండా ఉంచితే చిన్న పలుకులు కొద్దికొద్దిగా కరిగి పెద్ద పలుకుల మీదికి చేరతాయి. చిన్నవి మాయమై పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. సల్ఫేటు మొత్తం బరువు అంతే, కానీ యాసిడ్‌కు తగిలే పైభాగం బాగా తగ్గిపోతుంది. పంచదార సీసా మూత సరిగ్గా పెట్టకపోతే వానాకాలంలో గడ్డకట్టినట్టనుకోండి. చెంచాడు పంచదార టీలో క్షణంలో కరుగుతుంది, అదే బరువు గడ్డ వేస్తే గ్లాసు అడుగున కూర్చుంటుంది.

మీ అరగంట ఫుల్ రహస్యం కూడా అదే. ఛార్జరుకు గ్రావిటీ తెలియదు, వోల్టేజీ ఒక్కటే తెలుసు. కరగడానికి సిద్ధంగా ఉన్న సల్ఫేటు తక్కువ కాబట్టి ఇచ్చిన కరెంటును ప్లేట్లు మింగలేవు, వోల్టేజీ చటుక్కున ఎగురుతుంది. నిండిందనుకుని ఛార్జరు కరెంటు తగ్గించేస్తుంది. డిస్‌ప్లేలో ఫుల్, గ్రావిటీ 1.150. ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే నేను ఇంకేమీ అడగను.

పొగాకు_బ్యారన్
ఇన్వర్టర్ ఆపేశాడు కదా, కరెంటు ఎవరు తిన్నారు? ఎలుకలా?

ఎక్స్ఛేంజి_పాతకాపు
మంచి ప్రశ్న. ముందున్న స్విచ్ ఆపినా లోపలి బోర్డు బ్యాటరీ నుంచి కొంచెం తాగుతూనే ఉంటుంది కొన్ని ఇన్వర్టర్లలో. అల్లూరు గారు మల్టీమీటర్‌ను బ్యాటరీ తీగకు సీరీస్‌లో పెట్టి, స్విచ్ ఆపి చూస్తే తెలుస్తుంది. జాగ్రత్త, ఆ సమయంలో ఇన్వర్టర్ ఆన్ చేశారో, మీటరు ఫ్యూజుకు దినం పెట్టాలి.

అల్లూరు_రొయ్యలు
చూశాను. 30 మిల్లీఆంపియర్లు. ఇంత చిన్నదా పాపం చేసింది?

లెక్కల_మాస్టారు
చిన్నదేమీ కాదు. 0.03 ఆంపియర్లు 24 గంటలకు 0.72 ఏహెచ్. 120 రోజులకు 86. బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం నెలకు 5 శాతం వేసుకుంటే నాలుగు నెలలకు ఇంకో పాతిక. మొత్తం 111. ఇక నవంబరులో మూసేటప్పుడు బ్యాటరీలు నిండుగా ఉన్నాయా? మన నెల్లూరు జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే. ఆ మబ్బుల్లో 80 శాతం ఉందనుకుంటే చేతిలో ఉన్నది 120 ఏహెచ్. 120లోంచి 111 తీసేయండి.

సీరీస్ కాబట్టి 30 మిల్లీఆంపియర్లు నాలుగింటిలోంచీ పోయినట్టే, పంచుకోవడం ఉండదు.

అల్లూరు_రొయ్యలు
మూసేముందు వారమంతా ముసురే. 80 కూడా ఉండి ఉండదు.

ఎక్స్ఛేంజి_పాతకాపు
మాస్టారి లెక్కకు ఒకటి కలుపుతాను. ఆ 5 శాతం చల్లని రోజుల మాట. వేడి పది డిగ్రీలు పెరిగితే తనంతట దిగిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఎంత ఉంటుందో మనందరికీ తెలుసు. పలుకులు పెద్దవవడం కూడా వేడిలోనే త్వరగా జరుగుతుంది.

ఇందుకూరుపేట_యువకుడు
సిమెంటు నేల మీద పెట్టారా? కింద చెక్క వేయకపోతే నేల కరెంటు లాగేస్తుందని మా మేస్త్రి అంటాడు.

కావలి_కరెంటు
అది ఎబొనైటు డబ్బాల కాలం నాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు నేలతో పని లేదు. పైన యాసిడ్ తడి, దుమ్ము, ఉప్పుగాలి కలిసి పేరుకుంటే మాత్రం టెర్మినళ్ల మధ్య కొంచెం లీకవుతుంది. సముద్రం పక్కన షెడ్లలో అది చూశాను. తడిగుడ్డతో తుడిచేయడమే.

జిరాక్స్_అక్క
నా సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఎక్స్ఛేంజి_పాతకాపు
అమ్మా, మీది వేరే. మీది నీళ్లు పోసే వీలు లేకుండా మూసేసిన బ్యాటరీ అయి ఉంటుంది, ఎప్పుడూ ఛార్జిలోనే ఉంది. అలా ఉన్నవి ఎక్కువగా లోపల తడి ఆరిపోయి, ప్లేట్ల జాలీ తుప్పుపట్టి పోతాయి. మూడేళ్లంటే దాని వయసు కూడా అయింది. మార్చేయండి, బాధపడకండి.

జిరాక్స్_అక్క
బాధ బ్యాటరీ గురించి కాదు, సగం ప్రింటయిన 60 పేజీల గురించి.

అల్లూరు_రొయ్యలు
మరి ఇప్పుడేం చేయాలి? గ్రావిటీ తక్కువ ఉంది కాబట్టి యాసిడ్ మార్చి కొత్తది పోస్తే సరిపోతుందని మా ఊరి మెకానిక్ అంటున్నాడు. రేపు వస్తానన్నాడు.

ఎక్స్ఛేంజి_పాతకాపు
రానివ్వకండి!

మీ యాసిడ్ ఎక్కడికీ పోలేదు. సల్ఫేటు రూపంలో ప్లేట్లలోనే ఉంది. ఇప్పుడు కొత్త యాసిడ్ పోస్తే హైడ్రోమీటరు 1.240 చూపిస్తుంది, మెకానిక్ డబ్బు తీసుకుని వెళ్తాడు, ప్లేట్లలోని సల్ఫేటు అక్కడే ఉంటుంది. పైగా చిక్కటి యాసిడ్‌లో సల్ఫేటు కరగడం ఇంకా కష్టం. రేపు అది కాస్త కరిగిందా, గ్రావిటీ 1.300 దాటి ప్లేట్లను తినేస్తుంది. హైడ్రోమీటరును మోసం చేయడం తేలిక, బ్యాటరీని కాదు.

చేయాల్సింది ఇది. సీరీస్ విప్పి ఒక్కో బ్యాటరీని విడిగా, కరెంటు మార్చుకోగల ఛార్జరుతో పెట్టండి. కలిపి పెడితే బాగున్నవి ఉడుకుతాయి, బాగాలేనివి ఆకలితో ఉంటాయి. 3 ఆంపియర్లతో మొదలుపెట్టి 5 దాటకండి. వోల్టేజీ మొదట్లోనే 15 దాటితే కరెంటు ఒకటిన్నరకు తగ్గించి ఓపిక పట్టండి. కొన్ని గంటలకు వోల్టేజీ తనంతట కిందికి దిగితే ఆనందించాలి, సల్ఫేటు కరగడం మొదలైందన్నమాట. ఆ తర్వాత మళ్లీ మెల్లగా 15.5, 16 వరకు ఎక్కుతుంది, బుడగలు వస్తాయి. మూడు గంటలకొకసారి గ్రావిటీ రాయండి. వరసగా మూడుసార్లు మారకపోతే ఆపండి. డబ్బా చేయి పెట్టలేనంత వేడెక్కితే మధ్యలోనే ఆపి చల్లారనివ్వండి. ప్లేట్లు మునిగి ఉండేలా బ్యాటరీ నీళ్లు మాత్రమే పోయాలి, బోరు నీళ్లు కాదు. షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, వచ్చేది హైడ్రోజను. కాపలా మనిషి బీడీ గట్టు అవతల.

మూసేసిన బ్యాటరీలు ఉన్నవాళ్లెవరూ ఇది చేయకండి. పోయిన నీరు మళ్లీ పోయడానికి వాటికి దారి లేదు.

కావలి_కరెంటు
ఇంతకంటే పల్స్ పరికరం సుఖం కదా. రెండు క్లిప్పులు పెట్టి మర్చిపోవచ్చు. మా అల్లుడి కారు బ్యాటరీ అలాగే బతికింది.

లెక్కల_మాస్టారు
పల్స్ పెట్టిన వారం రోజులూ ఛార్జరు కూడా ఉందా?

కావలి_కరెంటు
ఉంది. అది లేకుండా ఎలా పనిచేస్తుంది?

లెక్కల_మాస్టారు
మరి బతికించింది పల్సా, వారం రోజుల నిదానపు ఛార్జా? ఒకే రకం బ్యాటరీలు రెండు తీసుకుని, ఒకదానికి పల్స్‌తో, ఒకదానికి పల్స్ లేకుండా చేసి కొలిచారా?

కావలి_కరెంటు
అల్లుడికి కారు ఒక్కటే ఉందండి.

పొగాకు_బ్యారన్
ఎప్సమ్ ఉప్పు వేస్తే లేస్తుందని వీడియోల్లో చూశాను. నిమ్మతోటలకు వేసేదే కదా, సంచి ఇంట్లోనే ఉంది.

ఎక్స్ఛేంజి_పాతకాపు
నిమ్మతోటకే వేయండి. అదీ సల్ఫేటే, నీళ్లలో కలిస్తే హైడ్రోమీటరు పైకి తేలుతుంది, అంతే. పల్స్ గురించి నాకు పట్టుదల లేదు. మా కాలంలో లేదు, నేను కొలిచి చూడలేదు.

అల్లూరు_రొయ్యలు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. నెల్లూరు నుంచి ఛార్జరు అద్దెకు తెచ్చి, ముందు ఒకటో నంబరు బ్యాటరీకి చేశాను. పాతకాపు గారు చెప్పినట్టే నోటుపుస్తకం పెట్టాను.

3 ఆంపియర్లు పెట్టగానే 15.6కు ఎగిరింది. ఒకటిన్నరకు తగ్గించాను. దాదాపు 20 గంటలు అక్కడక్కడే ఉండి, తెల్లవారి చూస్తే 14.2! నిద్రపోతున్న కాపలా మనిషిని లేపి చూపించాను, అతనికి ఏమీ అర్థం కాలేదు. తర్వాత 3 ఆంపియర్లు తీసుకుంది. గ్రావిటీ 1.150 నుంచి 1.165, 1.190, మూడో రోజుకు 1.215. అక్కడ ఆగింది.

తర్వాత 15 ఆంపియర్ల లోడు పెట్టి 10.8 వోల్టులకు దిగేవరకు గడియారం చూశాను. 4 గంటల 10 నిమిషాలు. మళ్లీ ఛార్జి, మళ్లీ లోడు. ఈసారి గ్రావిటీ 1.220, సమయం 5 గంటలు. మూడోసారి గ్రావిటీ అదే 1.220, 5 గంటల 10 నిమిషాలు. కొత్తప్పుడు 10 గంటలు రావాలి కదా?

లెక్కల_మాస్టారు
నాకు ఇక్కడ లెక్క కుదరడం లేదు. ఖాళీ బ్యాటరీ 1.100, నిండుది 1.240 అనుకుంటే తేడా 0.140. మీకు రావాల్సింది ఇంకా 0.020 మాత్రమే. అంటే ఏడో వంతు సల్ఫేటే ప్లేట్లలో మిగిలింది. మరి సామర్థ్యం సగం ఎలా పోయింది?

ఎక్స్ఛేంజి_పాతకాపు
మాస్టారూ, సల్ఫేటు బరువు ఒకటే చూస్తే అలా అనిపిస్తుంది. అది ఎక్కడ కూర్చుందో చూడాలి. ప్లేటు స్పాంజిలాంటిది, యాసిడ్ లోపలి రంధ్రాల్లోకి వెళ్తేనే లోపలి సీసం పనిచేస్తుంది. గట్టిపడిన పలుకులు ఆ రంధ్రాల దారుల్లో కూర్చుంటే వెనకున్న మంచి సీసం కూడా ఉత్తదే. 15 ఆంపియర్లు అడిగినప్పుడు యాసిడ్ అంత వేగంగా లోపలికి చేరలేదు, వోల్టేజీ కూలుతుంది.

రెండోది, సల్ఫేటుగా మారిన సీసం అంతకుముందుకంటే రెండున్నర రెట్లు చోటు ఆక్రమిస్తుంది. నాలుగు నెలలు ఆ ఉబ్బు అలాగే ఉంటే లోపలి పదార్థం చిట్లి, కరెంటు తీసుకెళ్లే జాలీతో పట్టు వదులుతుంది. అలా విడిపోయిన ముక్కకు ఇక ఛార్జి అందదు, అది సల్ఫేటుగానే ఉండిపోతుంది లేదా మడ్డిగా అడుక్కి రాలుతుంది. దీనికి ఏ ఛార్జరూ మందు కాదు. రెండోసారికీ మూడోసారికీ పది నిమిషాలే పెరిగిందంటే, కరగగలిగింది కరిగిపోయిందని. ఇక ఆపండి, ఇంకా ఉడికిస్తే ఉన్న పదార్థం కూడా రాలుతుంది.

లెక్కల_మాస్టారు
రంధ్రాల వల్లే అయితే తక్కువ కరెంటుతో తీస్తే ఎక్కువ రావాలి. అల్లూరు గారి రాత్రి లోడు 15 కాదు, అయిదారే కదా. ఆ లోడుతో కొలిస్తే మీ రెండు కారణాల్లో ఏది ఎంతో తేలుతుంది.

ఎక్స్ఛేంజి_పాతకాపు
కొంత తేలుతుంది. మంచి బ్యాటరీ కూడా తక్కువ కరెంటుకు ఎక్కువే ఇస్తుంది కాబట్టి పూర్తిగా తేలదు.

అల్లూరు_రొయ్యలు
అది తర్వాత కొలుస్తాను, నా చొక్కాలు అయిపోయాయి. రెండు, మూడు నంబర్లు కూడా ఒకటోదానిలాగే అయిదు గంటలకు అటూఇటూ వచ్చాయి. నాలుగోది లేవలేదు. అయిదు సెల్‌లు బుడగలు వేస్తున్నాయి, ఆ 1.060 సెల్ మాత్రం చెరువు నీళ్లలా నిశ్చలంగా ఉంది.

ఎక్స్ఛేంజి_పాతకాపు
అది షార్టయింది. పూర్తిగా ఖాళీ అయిన సెల్‌లో యాసిడ్ దాదాపు నీళ్లయిపోతుంది. నీళ్లలాంటి దాంట్లో సీసపు సల్ఫేటు మామూలుకంటే ఎక్కువ కరిగి, ప్లేట్ల మధ్య అడ్డుగా ఉండే సెపరేటర్లలోకి చేరుతుంది. మళ్లీ ఛార్జి పెట్టినప్పుడు అక్కడే సన్నటి సీసపు దారాలై రెండు ప్లేట్లను కలిపేస్తుంది. ఆ బ్యాటరీని పాత సామానుకు ఇచ్చేయండి.

ఇందుకూరుపేట_యువకుడు
మిగిలిన మూడింటికి కొత్తది ఒకటి కలిపితే సరి.

కావలి_కరెంటు
వద్దు. సగం బ్యాటరీలు మూడు, నిండుది ఒకటి సీరీస్‌లో పెడితే రోజూ సగానివి ముందు ఖాళీ అవుతాయి, ముందు నిండుతాయి. మూడింటిలో ఒకటి ఇంట్లో చిన్న ఇన్వర్టరుకు పెట్టుకోండి, చెరువుకు నాలుగూ కొత్తవి కొనండి. ఈ మాటైనా పాతకాపు గారు ఒప్పుకుంటారా?

ఎక్స్ఛేంజి_పాతకాపు
పూర్తిగా.

పొగాకు_బ్యారన్
షాపువాడిని అంత తేలికగా వదలకండి. తయారీ తేదీ చూశారా? షాపులో కూడా బ్యాటరీ ఊరికే కూర్చుంటుంది కదా, అక్కడ సల్ఫేటు పట్టదా?

అల్లూరు_రొయ్యలు
చూశాను. కొన్న తేదీకి ఎనిమిది నెలల ముందు తయారైంది. మధ్యలో ఛార్జి పెట్టారో లేదో వాళ్లే చెప్పాలి, చెప్పరు.

ఎక్స్ఛేంజి_పాతకాపు
బ్యారన్ గారు మొదటిసారి నన్ను ఆలోచనలో పడేశారు. అక్కడే కొంత పోయి ఉండవచ్చు. అయితే నిరుడు తెల్లవార్లూ నడిచాయన్నారు. రాత్రి లోడు తక్కువ కాబట్టి, పోయినా తెలిసేది కాదు. కొన్నప్పుడు గ్రావిటీ, గంటలు కొలవలేదు కాబట్టి ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కొత్తవాటికి మొదటి రోజే కొలిచి బిల్లు మీద రాయించుకోండి.

అల్లూరు_రొయ్యలు
వచ్చే నవంబరులో మూసేటప్పుడు? బ్యాటరీ తీగ ఊడదీసి వెళ్తే చాలా?

ఎక్స్ఛేంజి_పాతకాపు
తీగ తీస్తే 30 మిల్లీఆంపియర్లు ఆగుతాయి, తనంతట దిగిపోవడం ఆగదు. తీగ తీసేట్టయితే ముందు 1.240 వచ్చేదాకా నింపి, నెలకోసారి వచ్చి ఛార్జి పెట్టాలి. అంతకంటే తేలిక, ప్యానెళ్లను అలాగే వదిలేయండి. మీరు దించింది సరిగ్గా దించకూడని బ్రేకర్. పిడుగుకు సర్జ్ అరెస్టరు, మంచి ఎర్తు వేయించండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ప్యానెళ్లు ఆన్‌లో ఉండగా బ్యాటరీ తీగ ఊడదీయకండి, కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి.

నాలుగింటిలో ఒక సెల్‌ను పైలట్ సెల్‌గా పెట్టుకుని, కాపలా మనిషితో వారానికోసారి దాని గ్రావిటీ ఒక్కటి రాయించండి. 1.200 కిందికి వస్తే మీకు ఫోను చేయాలి.

అల్లూరు_రొయ్యలు
కొత్తవి నిన్న బిగించాం. షాపు మార్చాను, తేదీ చూశాను, రెండు నెలల కిందటివి. కాపలా మనిషికి హైడ్రోమీటరు నేర్పాను. ఈ ఉదయం అతనే ఫోను చేశాడు: "అయ్యా, 1.230 ఉంది, పది తగ్గింది, కంపెనీ మోసం చేసింది."

ఎక్స్ఛేంజి_పాతకాపు
యాసిడ్ ఎంత వేడిగా ఉందో చూశాడా? 27 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకు 0.007 కలపాలి. థర్మామీటరు కూడా కొనివ్వండి.